మానిటర్ మాట వినకపోతే

ల్యాప్‌టాప్ మీద వెలుగు తగ్గించే మీట నొక్కితే ల్యాప్‌టాప్ తెర తగ్గుతుంది. పక్కనే కేబుల్‌తో తగిలించిన పెద్ద మానిటర్ మాత్రం కళ్లలోకి కొడుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించాలంటే అడుగున చెయ్యి పెట్టి కనపడని బటన్లు తడుముకోవాలి, మెనూ తెరవాలి, ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కి పవర్ ఆపేసుకోవాలి, మళ్లీ మొదటికి రావాలి. మానిటర్లంటే ఇంతేలే అని చాలామంది సర్దుకుపోతారు. మధ్యాహ్నం ఎండలో పెట్టిన వెలుగునే అర్ధరాత్రి దాకా భరిస్తారు.

కంప్యూటర్ నుంచే మానిటర్‌కి "వెలుగు తగ్గించుకో" అని చెప్పే పద్ధతి 1998లోనే వచ్చింది. దాని పేరు డీడీసీ/సీఐ. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మానిటర్లలో చాలావాటికి అది తెలుసు. అయినా కొన్నిటికి ఆ మాట చేరదు, ఇంకొన్ని విని కూడా ఊరుకుంటాయి. మౌనం ఒకటే గానీ కారణాలు వేర్వేరు. ఏ కారణమో కనిపెట్టడం అనుకున్నంత కష్టం కాదు.

ముందు ల్యాప్‌టాప్ తెరకూ బయటి మానిటర్‌కూ తేడా ఏమిటో చూడాలి. ల్యాప్‌టాప్ తెర వెనక ఉండే దీపాలను, అంటే బ్యాక్‌లైట్‌ను, నడిపేది ల్యాప్‌టాప్‌లోని బోర్డే. అందుకే మీట నొక్కగానే పని జరుగుతుంది. బయటి మానిటర్‌కి కరెంటు వేరే, లోపల బుల్లి ప్రాసెసర్ వేరే, దాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, వేరే. బ్యాక్‌లైట్ పగ్గాలు ఆ ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటాయి. కంప్యూటర్ దాన్ని అడగగలదు, అంతే. ఆ అడగడానికి ఒక దారి కావాలి.

ఆ దారి కేబుల్‌లోనే ఉంది. పాత నీలం రంగు వీజీఏ కనెక్టర్‌లోని పదిహేను పిన్నుల్లో 12వది, 15వది బొమ్మ మోయవు. హెచ్‌డీఎంఐలో 15వ, 16వ పిన్నులూ అంతే. ఒక దాని మీద అక్షరాలు వెళ్తాయి, రెండోదాని మీద లయ తప్పకుండా క్లాక్ కొడుతుంది. ఈ రెండు తీగల పద్ధతిని ఫిలిప్స్ కంపెనీ 1980లలో టీవీల లోపలి చిప్పులు తమలో తాము మాట్లాడుకోవడానికి తయారు చేసింది. ఐ స్క్వేర్డ్ సీ అంటారు. మానిటర్ల ప్రమాణాలు రాసే వెసా అనే సంస్థ 1994లో దీన్నే తీసుకుని మానిటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య వేసింది. డీడీసీ అంటే అదే.

మొదట్లో ఈ తీగల పని ఒక్కటే: మానిటర్ తన గురించి తాను చెప్పుకోవడం. ఎవరు తయారు చేశారు, ఏ మోడల్, ఎంత సైజు బొమ్మ చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు. ఈ వివరాలన్నీ ఉండే 128 బైట్ల చీటీకి ఈడీఐడీ అని పేరు. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ తెర సైజు తానే కనుక్కుంటోందంటే అది ఈ చీటీ చదివినందువల్లే. అంతకుముందు మానిటర్ వివరాలను మనమే లిస్టులో వెతికి ఎంచుకోవాల్సి వచ్చేది.

నాలుగేళ్ల తర్వాత ఆ తీగల మీదే ఆజ్ఞలు పంపే పద్ధతి కలిపారు. అదే డీడీసీ/సీఐ. ఏ ఆజ్ఞకు ఏ నంబరో చెప్పే పట్టిక ఒకటి దానితోపాటే వచ్చింది. వెలుగుకు 10, కాంట్రాస్ట్‌కు 12, మానిటర్ స్పీకర్ శబ్దానికి 62, ఏ కేబుల్ నుంచి బొమ్మ తీసుకోవాలో చెప్పడానికి 60. ఇవన్నీ పదహారు అంకెల లెక్కలో, అంటే హెక్సాడెసిమల్‌లో, ఉండే నంబర్లు.

వెలుగును 50కి మార్చమనే ఆజ్ఞ ఇలా ఉంటుంది. మొత్తం ఎనిమిది బైట్లే.

```
6E 51 84 03 10 00 32 9A
```

6E మానిటర్ చిరునామా. దాని అసలు చిరునామా 37, తీగ మీద పంపేటప్పుడు రెట్టింపు చేసి రాస్తారు. 51 పంపేది కంప్యూటర్ అని చెబుతుంది. 84లో ఉన్న 4, ఇక ముందు నాలుగు బైట్ల సమాచారం వస్తుందని చెప్పడానికి. 03 అంటే "మార్చు". 10 అంటే వెలుగు. 00 32 కలిపితే 50, ఎందుకంటే హెక్సాడెసిమల్‌లో 32 అంటే మన లెక్కలో 50. చివరి 9A సరిచూసుకునే అంకె. ముందున్న ఏడు బైట్లనూ ఒక పద్ధతిలో కలిపితే అది వస్తుంది. దారిలో ఒక్క బిట్ చెడినా మానిటర్‌కు లెక్క కుదరదు, ఆజ్ఞను పక్కన పడేస్తుంది.

ఈ ఆజ్ఞలో ఒక లోటు ఉంది. "మార్చు" అన్నదానికి "మార్చాను" అనే జవాబు ఈ ప్రమాణంలో లేదు. బైట్లు అందాయని తీగ మట్టంలో ఒక చిన్న సైగ వస్తుంది, అంతే. మారిందో లేదో తెలియాలంటే కంప్యూటర్ మళ్లీ "వెలుగు ఎంత?" అని అడగాలి. అప్పుడు మానిటర్ రెండు అంకెలు చెబుతుంది: ఇప్పుడున్న విలువ, గరిష్ఠ విలువ. గరిష్ఠం సాధారణంగా 100, అయినా 100 అయి తీరాలని లేదు. మంచి ప్రోగ్రాములు దాన్ని ముందే అడిగి తెలుసుకుని శాతం లెక్క కడతాయి.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈడీఐడీ చీటీ 50 అనే చిరునామాలో ఉంటుంది, ఆజ్ఞలు వినే చోటు 37లో. తీగలు మాత్రం అవే. చాలా మానిటర్లలో చీటీని చదవడానికి మానిటర్ ప్రాసెసర్‌తో పని లేదు. కంప్యూటర్ కేబుల్ ద్వారా పంపే అయిదు వోల్టుల కరెంటే చాలు, మానిటర్ ఆఫ్‌లో ఉన్నా చదవొచ్చు. 37 దగ్గర అలా కాదు. అక్కడ ఫర్మ్‌వేర్ మేలుకుని ఉండాలి, ఆజ్ఞను అర్థం చేసుకోవాలి, బ్యాక్‌లైట్‌ను మార్చాలి. గుమ్మం మీది పేరు పలక చదవడానికి ఇంట్లో మనిషి ఉండనక్కర్లేదు, తలుపు తీయడానికి ఉండాలి. చీటీ లేకపోతే బొమ్మే సరిగా రాదు కాబట్టి దాన్ని తయారీదారులూ, కేబుల్ అడాప్టర్లు చేసేవాళ్లూ జాగ్రత్తగా చూసుకుంటారు. ఆజ్ఞల సంగతి పరీక్షించకుండానే పెట్టె సీలు వేసినా కొనేవాడికి వెంటనే తెలియదు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తూ ఉంటుంది, మాట మాత్రం అందదు.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. అమెరికా వేళలకు తగ్గట్టు రాత్రిళ్లు ఇంటి నుంచే పని. ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్, దానికి యూఎస్‌బీ-సీ హబ్, హబ్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్, చివర 24 అంగుళాల మానిటర్. "మామయ్యా, నువ్వు చెప్పిన ప్రోగ్రామ్ వేశాను, ఇది మానిటర్‌నే గుర్తుపట్టట్లేదు" అని ఫోన్ చేశాడు. నేను చెప్పింది లినక్స్‌లో వాడే ddcutil. అతను చేసిన పని ఇది:

```
sudo apt install ddcutil
sudo modprobe i2c-dev
sudo ddcutil detect
```

రెండో వరుస ఎందుకంటే, లినక్స్ ఆ రెండు తీగలను మామూలు ప్రోగ్రాములకు అందుబాటులో పెట్టేది i2c-dev అనే భాగం. అది లేకపోతే ఏ మానిటరూ దొరకదు. తెర మీద వచ్చిన జవాబులో ముఖ్యమైన ముక్కలు ఇవి:

```
Invalid display
   I2C bus:  /dev/i2c-7
   DDC communication failed
```

వీటి మధ్యలో మానిటర్ తయారీదారు పేరు, మోడల్ చక్కగా ఉన్నాయి. అంటే ప్రోగ్రామ్ మానిటర్‌ను గుర్తుపట్టింది. చీటీ చదవగలిగింది, 37 దగ్గర తలుపు తట్టితే జవాబు రాలేదు. చీటీ కూడా రాకపోయి ఉంటే కేబుల్‌నో డ్రైవర్‌నో అనుమానించాలి. చీటీ వచ్చి జవాబు రాకపోతే అనుమానించాల్సినవి ముఖ్యంగా రెండే: మానిటర్ మెనూలో DDC/CI ఆపేసి ఉండటం, లేదా మధ్యలో ఉన్న పరికరం ఆజ్ఞలను దాటనీయకపోవడం.

మెనూ చూడమన్నాను. ఈ మీట ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాస్తుంది. System, Setup, Others లాంటి పేర్ల కింద వెతకాలి. అతని మానిటర్‌లో DDC/CI ఎదురుగా On అనే ఉంది. ఇక మిగిలింది హబ్.

యూఎస్‌బీ-సీ ద్వారా బొమ్మ వెళ్లేటప్పుడు అది సాధారణంగా డిస్‌ప్లేపోర్ట్ రూపంలో ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో విడిగా ఆ రెండు తీగలు లేవు. ఆ మాటలన్నీ ఆగ్జ్ అనే పక్క దారిలో పొట్లాలు కట్టి పంపుతుంది. హబ్‌లోని చిప్పు ఆ పొట్లాలు విప్పి, అవతల హెచ్‌డీఎంఐ వైపు నిజమైన రెండు తీగల మీద మళ్లీ పలకాలి. కొన్ని చిప్పులు 50వ చిరునామాకు పలికినంత శ్రద్ధగా 37కు పలకవు. హబ్ తీసేసి, ల్యాప్‌టాప్‌కున్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే నేరుగా కేబుల్ పెట్టమన్నాను. ఈసారి Display 1 అని వచ్చింది. వెలుగు ఎంతో అడిగాడు:

```
sudo ddcutil getvcp 10
VCP code 0x10 (Brightness): current value = 75, max value = 100
```

"ఇప్పుడు ఇరవైకి దించు" అన్నాను. `sudo ddcutil setvcp 10 20` కొట్టాడు. తప్పు ఏమీ చూపలేదు. మళ్లీ అడిగితే మానిటర్ బుద్ధిగా 20 అని చెప్పింది. తెర మాత్రం ఇంచుమించు కూడా తగ్గలేదు. "అబద్ధం చెబుతోంది మామయ్యా!" అన్నాడు.

ఇది రెండో రకం మౌనం, ఎక్కువమందిని తికమక పెట్టేదీ ఇదే. మాట చేరింది, మానిటర్ రాసుకుంది, అమలు చేయలేదు. ఇలాంటప్పుడు చూడాల్సింది పిక్చర్ మోడ్. అతను రంగులు బాగున్నాయని sRGB అనే మోడ్ పెట్టుకున్నాడు. కొన్ని మానిటర్లలో ఈ మోడ్‌లో రంగులు, వెలుగు ఒక నిర్ణీత కొలతకు కట్టేసి ఉంటాయి. బటన్లతో మెనూలోకి వెళ్లినా Brightness వరుస మసకగా కనిపిస్తుంది, కదపనివ్వదు. కంప్యూటర్ ఆజ్ఞ వచ్చినప్పుడు కొన్ని ఫర్మ్‌వేర్లు కుదరదని చెబుతాయి, కొన్ని అంకెను మాత్రం రాసుకుని ఊరుకుంటాయి. మోడ్‌ను User‌కి మార్చగానే తెర ఒక్కసారిగా తగ్గింది. ముందు పంపిన 20 అక్కడ కాచుకుని ఉంది మరి.

హెచ్‌డీఆర్ ఆన్ చేసినప్పుడూ చాలా మానిటర్లు వెలుగు పగ్గాలు తమ దగ్గరే పెట్టుకుంటాయి. డైనమిక్ కాంట్రాస్ట్, కరెంటు ఆదా మోడ్, గది వెలుతురును చూసి తానే సర్దుకునే సెన్సర్, ఇవి కూడా అంతే. కాబట్టి నా సలహా ఒకటే: మానిటర్ సొంత మెనూలో వెలుగును బటన్లతో కదపగలుగుతున్నారేమో ముందు చూడండి. అక్కడే కదలనిది కంప్యూటర్ నుంచి కదలదు.

విండోస్ వాడేవాళ్లకు ఈ ఆజ్ఞల వరుసలు అక్కర్లేదు. విస్టా కాలం నుంచే విండోస్‌లో మానిటర్‌తో ఈ భాష మాట్లాడే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లోని వెలుగు జారుడు మీట మాత్రం మామూలుగా ల్యాప్‌టాప్ సొంత తెర కోసమే. ఆ లోపలి ఏర్పాటును వాడుకుని Twinkle Tray, Monitorian లాంటి చిన్న ప్రోగ్రాములు గడియారం పక్కన ఒక జారుడు మీట పెడతాయి. మ్యాక్‌లో MonitorControl అదే పని చేస్తుంది. మ్యాక్‌లో ఇంకో మెలిక ఉంది: ఎం1 చిప్పు వచ్చిన మ్యాక్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం గుండా MonitorControl ఆజ్ఞలు వెళ్లవు, అదే మానిటర్‌ను యూఎస్‌బీ-సీ ద్వారా పెడితే వెళ్తాయి. మా వాడి విషయంలో హబ్ తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టమన్నాను, అక్కడ దానికి తలకిందులు. ఫలానా కేబుల్ మంచిది, ఫలానాది చెడ్డది అని ఒక్క మాటలో తేల్చలేకపోవడానికి ఇదే కారణం. ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూసుకోవాల్సిందే.

మధ్యలో కేవీఎం స్విచ్ ఉంటే, అంటే ఒకే మానిటర్‌కు రెండు కంప్యూటర్లు తగిలించే పెట్టె ఉంటే, కథ ఇంకోలా నడుస్తుంది. అటూ ఇటూ మార్చినప్పుడు కంప్యూటర్ కంగారు పడకుండా కొన్ని స్విచ్‌లు మానిటర్ చీటీని తమ దగ్గర దాచుకుని, అడిగిన వెంటనే తామే ఇచ్చేస్తాయి. చీటీ వచ్చిందని మనం మానిటర్ దాకా దారి ఉందనుకుంటాం, కానీ ఆ చీటీ ఇచ్చింది స్విచ్. యూఎస్‌బీ ద్వారా బొమ్మనంతా కుదించి పంపే డాక్‌లు మరో రకం. వాటిలో ఈ ఆజ్ఞలు దాటాలంటే డాక్ డ్రైవరే దారి ఇవ్వాలి, మ్యాక్‌లో అది ఇవ్వదు. ఇక టీవీని మానిటర్‌గా వాడేవాళ్లు ఆశ పెట్టుకోకపోవడం మంచిది. టీవీల్లో చాలావాటికి ఈ భాష రాదు. ఆపిల్ సొంత మానిటర్లు ఈ భాషను పక్కనపెట్టి యూఎస్‌బీ దారిలో తమ పద్ధతిలో మాట్లాడతాయి.

అప్పుడప్పుడు విని, అప్పుడప్పుడు వినని మానిటర్లు కూడా ఉన్నాయి. అక్కడ అనుమానించాల్సింది వేగాన్ని. వెలుగు ఎంతని అడిగాక జవాబు చదవడానికి కంప్యూటర్ 40 మిల్లీసెకన్లు ఆగాలి, మార్చమని చెప్పాక ఇంకో మాట చెప్పేముందు 50 మిల్లీసెకన్లు ఆగాలి. మౌస్‌తో జారుడు మీటను 100 నుంచి 0 దాకా లాగామనుకోండి. మధ్యలోని ప్రతి అంకెనూ పంపితే వంద ఆజ్ఞలు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు, మొత్తం అయిదు సెకన్లు. మన చెయ్యి అర సెకనులో లాగేస్తుంది. అందుకే తెలివిగా రాసిన ప్రోగ్రాములు మధ్య అంకెలు వదిలేసి చెయ్యి ఆగిన చోటునే పంపుతాయి. ఆగకుండా గుప్పిస్తే కొన్ని ఫర్మ్‌వేర్లు బిగుసుకుపోతాయి. అప్పుడు మానిటర్ ప్లగ్ పీకి, కాసేపాగి పెట్టడం తప్ప మార్గం ఉండదు. కొన్ని మానిటర్లకు ప్రమాణంలో రాసిన విరామం కూడా చాలదు. ddcutil‌లో `--sleep-multiplier 2` అని చేర్చితే విరామాలు రెట్టింపు అవుతాయి. అప్పుడప్పుడు వినే మానిటర్ దాంతో దారికొస్తే కారణం దొరికినట్టే.

రెండు కేబుళ్లతో రెండు కంప్యూటర్లకు తగిలించిన మానిటర్ దగ్గర ఇంకొకటి గమనించాలి. కొన్ని మానిటర్లు ఇప్పుడు ఎవరి బొమ్మ చూపుతున్నాయో వాళ్ల మాటే వింటాయి. 60వ నంబరు ఆజ్ఞతో తెరను రెండో కంప్యూటర్‌కు అప్పగించాక, తిరిగి తెచ్చుకోమని మొదటి కంప్యూటర్ ఎంత అడిగినా అది వినకపోవచ్చు. తిప్పి పంపే పని రెండో కంప్యూటర్ చేయాలి.

ఏ దారీ కుదరనప్పుడు చాలా ప్రోగ్రాములు ఒక దొంగ దారి పడతాయి. బ్యాక్‌లైట్ జోలికి పోకుండా, కంప్యూటర్ పంపే బొమ్మలోని రంగులనే నల్లబరుస్తాయి. కొన్ని ప్రోగ్రాములు మీకు చెప్పకుండానే ఇందులోకి మారిపోతాయి. జారుడు మీట కదులుతుంది, తెర తగ్గినట్టే ఉంటుంది, డీడీసీ పనిచేస్తోందని మనం అనుకుంటాం. తేడా కనిపెట్టడం తేలిక. వెలుగు బాగా తగ్గించి, మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. ఆ మెనూ బొమ్మను గీసేది మానిటరే కాబట్టి కంప్యూటర్ వేసిన నలుపు దానికి అంటదు. మెనూ మునుపటంత ధగధగలాడుతూ ఉండి, అందులో Brightness అంకె మారకుండా ఉంటే అది దొంగ వెలుగే. రాత్రి గదిలో లైటు తీసేసి తెర మొత్తం నలుపు చేసి కూడా చూడొచ్చు. ఎల్‌సీడీలో నలుపు వెనక నుంచి కూడా కాస్త వెలుగు కారుతుంది. బ్యాక్‌లైట్ నిజంగా తగ్గితే ఆ కారే వెలుగూ తగ్గుతుంది, రంగులు నల్లబరిస్తే అది అలాగే ఉంటుంది. దొంగ దారితో కళ్లకు కొంత ఊరట దొరుకుతుంది గానీ బొమ్మలో చీకటి భాగాల వివరాలు కలిసిపోతాయి, కరెంటు ఖర్చూ దాదాపు తగ్గదు.

చివరగా, పనిచేస్తున్నవాళ్లకు ఒక జాగ్రత్త. చాలా మానిటర్లు వెలుగు మార్చిన ప్రతిసారీ ఆ అంకెను కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసుకుంటాయి. అలాంటి మెమరీని ఎన్నిసార్లు తిరగరాయొచ్చు అన్నదానికి ఒక హద్దు ఉంటుంది. లక్షసార్లు అన్నది ఈ రకం చిప్పులకు మామూలుగా చెప్పే లెక్క. రోజుకు పదిసార్లు మార్చుకునే మనిషికి ఇది చాలా ఏళ్లకు సరిపోతుంది. కానీ వీడియోలో సీను మారినప్పుడల్లా, సెకనుకోసారి వెలుగు సర్దే ప్రోగ్రామ్ ఆ లక్షను ఇరవై ఎనిమిది గంటల్లో దాటేస్తుంది. మీ మానిటర్ ప్రతిసారీ రాస్తుందో, కాసేపాగి ఒక్కసారే రాస్తుందో బయటి నుంచి తెలుసుకునే వీలు లేదు కాబట్టి అలాంటి ప్రోగ్రాముల జోలికి పోకపోవడమే మేలు. మా అక్క కొడుకు రెండు మీటలకు రెండు ఆజ్ఞలు కట్టుకున్నాడు, ఒకటి పది పెంచడానికి, ఒకటి పది తగ్గించడానికి:

```
ddcutil setvcp 10 + 10
ddcutil setvcp 10 - 10
```

ముందు sudo లేకుండా ఇవి పనిచేయాలంటే తన యూజర్ పేరును i2c అనే గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. హబ్‌ను మాత్రం కీబోర్డు, మౌస్‌లకే వదిలేసి, మానిటర్ కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కే పెడుతున్నాడు.